45 సెకన్ల లెక్క 45 మిల్లీసెకన్లకు ఎలా దిగింది: ఒక బ్లోయర్ మోటార్ కేసు

మిర్యాలగూడ వైపు ఒక రైస్‌మిల్లులో తవుడు దుమ్ము లాగే చిన్న బ్లోయర్ ఉంది. 2 హెచ్‌పీ మోటార్, ఫ్యాన్ నేరుగా షాఫ్ట్ మీదే బిగించి ఉంటుంది, మధ్యలో బెల్ట్ లేదు. అక్కడి ఫిట్టర్ అన్న స్క్రూడ్రైవర్ మొన మోటార్ బాడీకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. "సార్, లోపల పేలాలు వేగుతున్నట్టు ఉంది" అన్నాడు. ఓనర్‌కి ఆ మాట చాలలేదు. సీజన్ మధ్యలో మోటార్ దింపితే ఆ లైన్ ఆగిపోతుంది కాబట్టి, బేరింగా, ఫ్యాన్ బ్యాలెన్స్ పోయిందా, ఫౌండేషన్ బోల్టులు వదులా, వైండింగ్ గొడవా, ఏదో ఒకటి ముందు తేల్చమన్నాడు. వైబ్రేషన్ ఎనలైజర్ అద్దెకు తెచ్చుకునే బడ్జెట్ లేదు. నా దగ్గర ఉన్నది ఒక ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక ఏడీఎక్స్‌ఎల్345 అదురు సెన్సర్, ల్యాప్‌టాప్, అంతే.

వీటితో పని అయ్యేదే, ఎందుకంటే ఆ నాలుగు అనుమానాలూ నాలుగు వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర కనిపిస్తాయి. మోటార్ 4 పోల్, నేమ్‌ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం, టాకోమీటర్ కూడా అదే చూపించింది, అంటే సెకనుకి 24 తిరుగుళ్లు. ఫ్యాన్ బ్యాలెన్స్ పోతే 24 హెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం రావాలి. బోల్టులు వదులైతే 48, 72, 96 అంటూ 24 గుణిజాలు వరసగా లేస్తాయి. కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత, సప్లై 50 హెర్ట్జ్ కాబట్టి, దానికి రెట్టింపు 100 దగ్గర ఉంటుంది. బేరింగ్ 6205, అందులో 9 గుండ్లు. దాని కొలతల ప్రకారం బయటి రింగులో గుంట పడితే షాఫ్ట్ వేగానికి 3.585 రెట్లు, అంటే 86 హెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటుంది. లోపలి రింగయితే 5.415 రెట్లు, అంటే 130 దగ్గర. కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే: ఈ అదురులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉంది?

దానికి జవాబు చెప్పే లెక్క డిస్క్రీట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీఎఫ్‌టీ. అది చేసే పని చూస్తే చాలా మొరటుగా ఉంటుంది. సెన్సర్ సెకనుకి 3200 శాంపిల్స్ ఇస్తుంది. అందులో 1024 పట్టుకున్నాను, అంటే 0.32 సెకన్ల ముక్క. ఆ ముక్కలో సరిగ్గా ఒక చుట్టు పూర్తి చేసే అల, రెండు చుట్లు పూర్తి చేసే అల, మూడు చుట్లు, ఇలా 511 దాకా ఒక్కొక్క అలనీ తీసుకుని, దాన్ని మన సిగ్నల్‌తో శాంపిల్‌కి శాంపిల్ గుణించి మొత్తం కూడతాం. సిగ్నల్‌లో ఆ ఫ్రీక్వెన్సీ ఉంటే గుణింతాలన్నీ ఒకే వైపు పోగవుతాయి, లేకపోతే ప్లస్సులూ మైనస్సులూ ఒకదాన్నొకటి తినేసి సున్నా దగ్గరికి వస్తాయి. సిగ్నల్‌లో ఉన్న అల ఎక్కడ మొదలైందో మనకు తెలియదు కాబట్టి ఒక కొసైన్‌తో, ఒక సైన్‌తో రెండుసార్లు చేస్తాం. ఒక్కో ఫ్రీక్వెన్సీ గడిని బిన్ అంటారు. ఇక్కడ బిన్‌కీ బిన్‌కీ మధ్య 3200/1024, అంటే 3.125 హెర్ట్జ్ దూరం.

మొదటి రోజు తొందరలో నేను రాసింది ఇదే:

```c
for (k = 0; k < 512; k++) {
  re = im = 0;
  for (n = 0; n < 1024; n++) {
    re += x[n] * cos(2*PI*k*n/1024);
    im -= x[n] * sin(2*PI*k*n/1024);
  }
  mag[k] = sqrt(re*re + im*im);
}
```

తప్పేమీ లేదు, జవాబు కరెక్టుగానే వస్తుంది. కానీ ఒక్క బొమ్మ రావడానికి 45 సెకన్లు పట్టింది! 72 మెగాహెర్ట్జ్ చిప్, అందులో దశాంశాల లెక్కకు ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు, పైగా లోపలి లూప్ ఐదు లక్షలకు పైగా తిరుగుతూ తిరిగిన ప్రతిసారీ ఒక సైన్, ఒక కొసైన్ కొత్తగా కట్టుకుంటోంది. సరే, ఓపిక పడదాం, బొమ్మ ఒక్కటి వస్తే చాలు కదా అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

బొమ్మలో రెండు గట్టి శిఖరాలు కనిపించాయి, ఒకటి 84.4 దగ్గర, ఇంకొకటి 96.9 దగ్గర. 24ని నాలుగుతో గుణిస్తే 96, కాబట్టి ఇది బోల్టుల సంగతే అనుకుని ఫిట్టర్ అన్నతో నాలుగు బోల్టులూ బిగించించాను. ఒక బోల్టు నిజంగానే కాస్త వదులుగా ఉండటంతో నా నమ్మకం ఇంకా పెరిగింది. మళ్లీ రన్ చేసి, 45 సెకన్లు కాచుకుని చూస్తే 96.9 ఇంచు కూడా తగ్గలేదు. 84.4 సంగతి ఏమిటో అసలే తెలియదు. బేరింగ్ లెక్క 86 అంటోంది, గడి మరీ 3 హెర్ట్జ్ వెడల్పు, అదీ ఇదీ ఒకటేనని గట్టిగా అనలేను, కాదనీ అనలేను.

ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు మోటార్ల వాళ్లు చేసే పరీక్ష ఒకటి ఉంది. రన్నింగ్‌లో ఉండగా స్విచ్ ఆపేసి శిఖరాలను చూడాలి. కరెంటు వల్ల వచ్చేది సప్లై పోగానే టక్కున మాయమవుతుంది. తిరగడం వల్ల వచ్చేదయితే వేగం తగ్గే కొద్దీ మెల్లగా ఎడమకి జారుతూ పోతుంది. అయితే ఈ బ్లోయర్‌కి గాలి ఎదురు ఎక్కువ, స్విచ్ ఆపిన 8 సెకన్లలో ఫ్యాన్ నిలబడిపోతుంది. 8 సెకన్ల సంగతిని 45 సెకన్లకొక బొమ్మతో ఎలా చూస్తాం? ఆ రోజుకి సామాను సర్దుకుని ఇంటికి వచ్చేశాను.

రాత్రి చేసిన మొదటి పని, అదే డీఎఫ్‌టీని తక్కువ లెక్కతో కట్టే ఎఫ్‌ఎఫ్‌టీ, అంటే ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్, కాదు, ఆ సైన్‌లూ కొసైన్‌లూ మళ్లీ మళ్లీ కట్టడం మాన్పించడం. ఒక చుట్టుని 1024 భాగాలు చేస్తే అందులో ఉండేది 1024 విలువలే, `k*n` ఎంత పెద్దదైనా చుట్టు తిరిగి మళ్లీ వాటి మీదే పడుతుంది. కాబట్టి ఒకసారి పట్టిక కట్టి ఫ్లాష్‌లో పెట్టేశాను:

```c
i = (k * n) & 1023;
re += x[n] * C[i];
im -= x[n] * S[i];
```

45 సెకన్లు కాస్తా 1.8 సెకన్లయింది, అంటే 25 రెట్లు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "ఎఫ్‌ఎఫ్‌టీ పెట్టాను, వెయ్యి రెట్లు స్పీడయింది" అని చెప్పేవాళ్లలో చాలామంది ఈ 25 రెట్లనీ ఎఫ్‌ఎఫ్‌టీ ఖాతాలోనే రాసేస్తారు. అది దాని గొప్ప కాదు, ముందు రాసిన కోడ్ చెత్తగా ఉందంతే. పోలిక నిజాయితీగా ఉండాలంటే 1.8 సెకన్ల దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

1.8 సెకన్లు కూడా నాకు చాలలేదు. 8 సెకన్లలో నాలుగు బొమ్మలు, మధ్యలో గ్యాపులు. శాంపిల్స్ పోగవడానికి పట్టేది 0.32 సెకన్లు, లెక్క అంతకంటే త్వరగా అయిపోతేనే ఒక ముక్క కూడా వదలకుండా చూడగలం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పైన ఉన్న మూడు లైన్లను కాసేపు తేరిపార చూడండి. పట్టికలో 1024 విలువలే ఉన్నా గుణింతాలు పది లక్షలకు పైగా జరుగుతున్నాయి. అంటే అదే శాంపిల్‌ని అదే విలువతో ఎన్నోసార్లు గుణిస్తున్నాం, చేసిన లెక్కనే వేరే బిన్ కోసం మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాం. ఎక్కడ రిపీట్ అవుతోందో కచ్చితంగా పట్టుకుంటే పని అయిపోయినట్టే.

బిన్ `k`ని, దానికి 512 అవతల ఉన్న బిన్ `k+512`ని పక్కపక్కన పెట్టండి. `n`వ శాంపిల్‌కి మొదటిదానిలో పట్టిక స్థానం `k*n`, రెండోదానిలో `k*n + 512*n`. `n` సరి సంఖ్య అయితే ఆ `512*n` అంటే పూర్తి చుట్లు, అంటే ఏమీ జరగనట్టే, గుణించే విలువ అదే. `n` బేసి అయితే అర చుట్టు ఎక్కువ, అంటే విలువ అదే, గుర్తు మాత్రం తిరగబడుతుంది. ఇంతకు మించిన రహస్యం ఇందులో లేదు. సరి శాంపిల్స్ మొత్తాన్ని ఒక పక్క, బేసి శాంపిల్స్ మొత్తాన్ని ఇంకో పక్క విడిగా పోగేసి ఉంచుకుంటే, రెండూ కూడితే ఒక బిన్, రెండోది తీసేస్తే ఇంకో బిన్ వచ్చేస్తాయి. ఒక పనికి రెండు జవాబులన్నమాట.

నాలుగు శాంపిల్స్‌తో చేసి చూద్దాం, కాగితం మీద రెండు నిమిషాల పని. శాంపిల్స్ 3, 5, 1, −1 అనుకోండి. సరి స్థానాల్లో ఉన్నవి 3, 1. వాటి కూడిక 4, తీసివేత 2. బేసి స్థానాల్లో 5, −1. వాటి కూడిక 4, తీసివేత 6. ఇప్పుడు బిన్ 0 అంటే 4+4 = 8, బిన్ 2 అంటే 4−4 = 0. బిన్ 1 కోసం బేసి పక్క ఉన్న 6ని పావు చుట్టు తిప్పాలి, అంటే −j తో గుణించాలి: 2−6j. బిన్ 3కి అదే గుర్తు మార్చి: 2+6j. కావాలంటే నేరుగా డీఎఫ్‌టీ చేసి సరిచూసుకోండి, అవే వస్తాయి. ఇక్కడ ఆ "తిప్పడం" ఎందుకంటే, బేసి శాంపిల్స్ సరి వాటికంటే ఒక్క అడుగు ఆలస్యంగా మొదలవుతాయి, ఆ ఆలస్యాన్ని సర్దాలి కదా. ఈ తిప్పే విలువని ట్విడిల్ ఫ్యాక్టర్ అంటారు, ఈ కూడిక-తీసివేత జంటని బటర్‌ఫ్లై అంటారు, గీతలు గీస్తే సీతాకోకచిలుకలా ఉంటుందని.

ఫార్ములాలో అయితే ఇంతే, `E` సరి సగం డీఎఫ్‌టీ, `O` బేసి సగం డీఎఫ్‌టీ, `W^k` ఆ ట్విడిల్ ఫ్యాక్టర్, `N` మొత్తం శాంపిల్స్:

```
X[k]       = E[k] + W^k * O[k]
X[k + N/2] = E[k] - W^k * O[k]
```

ఒక్కసారి విడదీస్తే లాభం సగమే. 1024 పాయింట్ల డీఎఫ్‌టీకి 1024ని 1024తో గుణించినంత, అంటే 10,48,576 గుణింతాల పని. దాన్ని రెండు 512లుగా చేస్తే ఒక్కొక్కటి 2,62,144, రెండూ కలిపి 5,24,288, వాటిని అతకడానికి ఇంకో 512. సగానికి వచ్చింది, బాగానే ఉంది, కానీ కళ్లు తిరిగేంత ఏమీ కాదు. అసలు మజా ఏమిటంటే ఆ 512 కూడా డీఎఫ్‌టీయే కాబట్టి దానికీ ఇదే చిట్కా వర్తిస్తుంది, దాని సగానికీ అంతే, ఆ సగం సగానికీ అంతే. పదిసార్లు విడదీస్తే ఒక్కొక్క శాంపిల్ మిగులుతుంది, ఒక్క శాంపిల్ డీఎఫ్‌టీ అంటే ఆ శాంపిలే, చేయడానికి ఇంకేమీ లేదు. అంటే పెద్ద గుణింతాల పని మొత్తం ఆవిరైపోయి చివరికి మిగిలింది అతుకులు మాత్రమే. ఒక్కో అంతస్తుకి 512 అతుకులు, పది అంతస్తులు, 5,120 బటర్‌ఫ్లైలు. పది లక్షలు ఎక్కడ, ఐదు వేలు ఎక్కడ!

సైజు పెరిగే కొద్దీ ఈ తేడా ఇంకా తెరుచుకుంటుంది. శాంపిల్స్ 2048 చేస్తే నేరు పద్ధతిలో పని నాలుగింతలవుతుంది, ఎఫ్‌ఎఫ్‌టీలో 11,264 బటర్‌ఫ్లైలు, అంటే 2.2 రెట్లు. రెట్టింపు డేటాకి ఒక్క అంతస్తు మాత్రమే పెరుగుతుంది, అదే దీని బలం.

లోపల ఉండే కోడ్ చూస్తే మాత్రం ఇంతదానికేనా అనిపిస్తుంది:

```c
tr = wr*re[b] - wi*im[b];
ti = wr*im[b] + wi*re[b];
re[b] = re[a] - tr;  im[b] = im[a] - ti;
re[a] = re[a] + tr;  im[a] = im[a] + ti;
```

రెండు గళ్లలో ఉన్నవి తీసి, మార్చి, మళ్లీ ఆ రెండు గళ్లలోనే పెడుతున్నాం. ఆ చిప్‌లో ఉన్న ర్యామ్ మొత్తం 20 కేబీ. 1024 విలువలకు రియల్, ఇమాజినరీ కలిపి ఫ్లోట్‌లో 8 కేబీ అవుతుంది. అంతస్తుకొక కొత్త అరే అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది.

బోర్డు మీద కొలిస్తే 45 మిల్లీసెకన్లు వచ్చింది. 1.8 సెకన్ల మీద 40 రెట్లు. ఇక్కడ నాకు ఒక చిక్కు వచ్చింది. 10,48,576ని 5,120తో భాగిస్తే 205 రావాలి, పుస్తకాల్లో కనిపించే అంకె కూడా అదే. మరి నాకు 40 ఏమిటి? ఎక్కడో కోడ్ వీక్‌గా ఉందనుకుని గంటసేపు వెతికాను. కోడ్‌లో ఏమీ లేదు, పోలికలోనే ఉంది తిరకాసు. ఆ పుస్తకం లెక్కలో సిగ్నల్ కాంప్లెక్స్, అన్ని బిన్లూ కట్టాలి. నా సిగ్నల్ ఉత్త రియల్. రియల్ సిగ్నల్‌కి పై సగం బిన్లు కింది సగానికి అద్దంలో బొమ్మలు, అందుకే నా నెమ్మది కోడ్ అప్పటికే 512 బిన్లే కడుతోంది, ఒక్కో శాంపిల్‌కి రెండు మామూలు గుణింతాలతో సరిపెడుతోంది. అలా మొత్తం 10,48,576 మామూలు గుణింతాలు. ఎఫ్‌ఎఫ్‌టీలో ఒక్కో బటర్‌ఫ్లైకి నాలుగు, అంటే 20,480. నిష్పత్తి 51. బటర్‌ఫ్లైలో కూడికలు ఆరు ఉంటాయి, అరేల్లోంచి తీయడం పెట్టడం ఉంటుంది, అవీ కలిస్తే 40కి దిగడం సహజమే. ఇంకా పిండాలంటే 1024 రియల్ శాంపిల్స్‌ని 512 కాంప్లెక్స్ సంఖ్యలుగా జతకట్టి సగం సైజు ఎఫ్‌ఎఫ్‌టీ చేసి చివర్లో విడదీసే పద్ధతి ఉంది, దాంతో పనీ మెమరీ రెండూ దాదాపు సగమవుతాయి. నాకు అప్పటికి 45 చాలు, వదిలేశాను.

ఈ అల్గారిథమ్ 1965లో జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ రాసిన పేపర్‌తో అందరికీ తెలిసింది. కూలీ ఐబీఎంలో, ట్యూకీ ప్రిన్‌స్టన్‌లో ఉండేవాళ్లు. ఇద్దరినీ కలిపింది రిచర్డ్ గార్విన్ అనే భౌతిక శాస్త్రవేత్త. సోవియట్ భూగర్భ అణు పరీక్షలను దూరంగా పెట్టిన సీస్మోమీటర్లతో పట్టుకోవాలన్నది ఆయన మనసులో ఉన్న పని, కూలీకి మాత్రం హీలియం-3 క్రిస్టల్ లెక్క కోసమని చెప్పాడు. భూమి అదురులోంచి బాంబుని విడదీయడానికి పుట్టినది ఇక్కడ తవుడు బ్లోయర్ అదురులోంచి బేరింగ్‌ని విడదీస్తోంది, పని మాత్రం పెద్దగా మారలేదు. ఇంకో వింత, ఇదే చిట్కాని గాస్ 1805 ప్రాంతంలోనే పల్లాస్ లాంటి గ్రహశకలాల కక్ష్యల లెక్కల కోసం చేత్తో రాసుకున్నాడు, ఆయన పోయాక ఎప్పుడో 1866లో అచ్చయింది, అప్పుడూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అంతా ఒక్క రాత్రిలో సాఫీగా అయిపోయిందని అనుకోకండి. 45 మిల్లీసెకన్లు వచ్చిన మొదటి వెర్షన్ తప్పు జవాబు ఇచ్చింది, పైగా నేను పెట్టిన రెండు పరీక్షలూ పాసయింది. సంగతి ఏమిటంటే, సరి-బేసి అని పదిసార్లు విడదీస్తే శాంపిల్స్ వరస చెదిరిపోతుంది. ఎనిమిది శాంపిల్స్‌కి ఆ వరస 0, 4, 2, 6, 1, 5, 3, 7 అవుతుంది, అంటే స్థానం సంఖ్యని బైనరీలో రాసి వెనక్కి తిప్పి చదివినట్టు: 001 అయితే 100, 011 అయితే 110. బటర్‌ఫ్లైలు మొదలుపెట్టే ముందే డేటాని ఈ వరసలోకి సర్దాలి. నేను ఆ ఫంక్షన్ రాశాను కానీ పిలవడం మర్చిపోయాను!

నా మొదటి పరీక్ష, బిన్ 0 మొత్తం శాంపిల్స్ కూడికకు సమానంగా ఉందా? ఉంది. రెండోది, బిన్ల మొత్తం శక్తి శాంపిల్స్ మొత్తం శక్తికి సరిపోయిందా? అదీ సరిపోయింది. కాసేపు ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. శాంపిల్స్‌ని ఎలా కలగాపులగం చేసినా వాటి కూడిక మారదు, వర్గాల కూడికా మారదు. అంటే ఈ రెండు పరీక్షలూ ఈ తప్పుని ఎప్పటికీ పట్టుకోలేవు. పట్టించింది ఒక సైన్ అల. కోడ్‌లోనే సరిగ్గా 32 చుట్లు తిరిగే అలని తయారుచేసి లోపలికి పంపితే బిన్ 32లో ఒకే ఒక్క కడ్డీ లేవాలి. నాకు ముళ్లకంపలా డజన్ల కొద్దీ లేచాయి. అప్పటి నుంచి నెమ్మది డీఎఫ్‌టీని డిలీట్ చేయకుండా ఉంచుకున్నాను. ఎఫ్‌ఎఫ్‌టీలో ఎన్ని మార్పులు చేసినా ఏవో అడ్డదిడ్డం అంకెలు రెండింటికీ ఇచ్చి, ఒక్కో బిన్ పోల్చి చూస్తాను. రెండూ కట్టేది అదే డీఎఫ్‌టీ కాబట్టి రౌండింగ్ తేడా తప్ప ఇంకే తేడా ఉండకూడదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ మిల్లుకి వెళ్లాను. రెండు బఫర్లు పెట్టాను, ఒకటి నిండుతుంటే రెండోదాని లెక్క అయిపోతుంది. ల్యాప్‌టాప్‌లో బొమ్మ సెకనుకి మూడుసార్లు మారుతోంది, బతికున్న వస్తువుని చూస్తున్నట్టు ఉంది. ఫిట్టర్ అన్నని స్విచ్ ఆపమన్నాను. 96.9 దగ్గర ఉన్న శిఖరం మరుసటి బొమ్మలోనే లేదు, దీపం ఆర్పినట్టు పోయింది. 84.4 దగ్గరిది మాత్రం పోకుండా ఎడమకి జారడం మొదలుపెట్టింది, దాని వెనకే 24 దగ్గరి చిన్న శిఖరం కూడా. "మళ్లీ ఆన్ చేయనా సార్?" అని ఆయన అడిగేదాకా నేను స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను. నాలుగైదు సార్లు చేయించాను, ప్రతిసారీ అదే తంతు.

అంటే 96.9 కరెంటు మోత. మరి కరెంటు మోతయితే 100 దగ్గర ఉండాలి కదా? 100ని 3.125తో భాగిస్తే సరిగ్గా 32, అది బిన్ 32లో నిలబడాల్సింది, 31లో నిలబడింది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ అంత తప్పదు. తప్పింది నా స్కేలు. సెన్సర్ సెకనుకి 3200 ఇస్తుందని డేటాషీట్ చెప్పింది నేను గుడ్డిగా నమ్మాను. చిప్ టైమర్‌తో కొలిస్తే 1024 శాంపిల్స్ 320 కాదు, 312 మిల్లీసెకన్లలోనే వచ్చేస్తున్నాయి. సెన్సర్ లోపలి గడియారం కాస్త ముందు నడుస్తోంది, నిజమైన రేటు దాదాపు 3282. డీఎఫ్‌టీకి హెర్ట్జ్ అంటే ఏమిటో తెలియదు, దానికి తెలిసింది ముక్కలో ఎన్ని చుట్లు అన్నదొక్కటే. హెర్ట్జ్ అంటించేది మనం, అక్కడ తప్పితే ఎంత ఫాస్ట్ అల్గారిథమయినా తప్పే చూపిస్తుంది. ఆ లెక్కన బిన్ వెడల్పు 3.205. బిన్ 31 అంటే 99.4, ఇప్పుడు సరిపోయింది. మొదటి రోజు నేను బోల్టులు బిగించింది ఈ తప్పుడు స్కేలు పుణ్యమే.

అదే స్కేలుతో రెండో శిఖరం, బిన్ 27, 86.5 దగ్గరికి వచ్చింది. బేరింగ్ బయటి రింగు లెక్క 86.0. దగ్గరే, కానీ గడి వెడల్పే 3 హెర్ట్జ్ కాబట్టి నాకు ఇంకో సాక్ష్యం కావాలి. గుంట మీద గుండు కొట్టినప్పుడు దెబ్బ చురుగ్గా ఉంటుంది కాబట్టి 86తో పాటు దాని రెట్టింపు, మూడింతలు కూడా లేస్తాయి. బిన్ 54లో ఒకటి ఉంది. ఆ పైన 80, 81 రెండింటిలో దాదాపు సమాన ఎత్తులో ఒక జత ఉంది, అంటే అసలు శిఖరం వాటి మధ్యలో, 80.5 దగ్గర ఉందన్నమాట. 80.5ని 3.205తో గుణించి మూడుతో భాగిస్తే 86.0! మూడో రెట్టు దగ్గర చదివితే గడి వెడల్పు వల్ల వచ్చే తప్పు మూడో వంతుకి తగ్గిపోతుంది, ఇది చేతిలో పెట్టుకోదగ్గ చిట్కా.

ఈ "మధ్యలో పడటం" గురించి ఒక మాట. ఫ్రీక్వెన్సీ సరిగ్గా రెండు బిన్ల నడుమ పడితే, ముక్క అంచులను మెల్లగా సున్నాకి దించే విండో వేయకపోతే, శిఖరం ఎత్తు నిజమైన దానిలో 64 శాతమే కనిపిస్తుంది, మిగతాది అటూ ఇటూ చాలా దూరం చిందిపోతుంది. హాన్ విండో వేస్తే 85 శాతం దాకా కనిపిస్తుంది, చిందడం బాగా తగ్గుతుంది, శిఖరం మాత్రం కాస్త లావవుతుంది. ఎత్తులు పోల్చి "నిన్నటికంటే ఇవాళ ఎక్కువైంది" అని చెప్పాలనుకునేవాళ్లు విండో లేకుండా ఆ మాట అనకూడదు, వేగం కాస్త మారినా ఎత్తు దానంతటదే ఊగుతుంది. ఇది డీఎఫ్‌టీ గుణం, ఎఫ్‌ఎఫ్‌టీ వేసినా పోదు. రిజల్యూషన్ కూడా అంతే. ముక్క 0.31 సెకన్లయితే 3.2 హెర్ట్జ్ కంటే సన్నగా ఏదీ విడదీయలేం, వెనక సున్నాలు అతికించి 4096 చేస్తే గీత నున్నగా కనిపిస్తుందే తప్ప కొత్త సమాచారమేమీ రాదు. సన్నగా కావాలంటే ఎక్కువసేపు వినాల్సిందే.

ఓనర్‌కి "బేరింగే, బయటి రింగు, బోల్టులు కాదు, వైండింగ్ కాదు" అని చెప్పాను. ఆదివారం రాత్రి షిఫ్ట్ లేనప్పుడు విప్పారు. ఫ్యాన్ వైపు 6205 బయటి రింగులో, కిందివైపు బరువు ఆనే చోట, గోరు తగిలేంత గుంట, పెచ్చు లేచి ఉంది. ఫిట్టర్ అన్న దాన్ని వేలితో తడిమి చూసి, "నేను స్క్రూడ్రైవర్‌తోనే చెప్పా కదా సార్" అన్నాడు. నిజమే, చెప్పాడు.

ఇది ముదిరిన కేసు కాబట్టే ఇంత తేటగా కనిపించింది. గుంట కొత్తగా పడుతున్నప్పుడు ఆ దెబ్బల శక్తి కొన్ని వేల హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది, నా సెన్సర్ 1600 దాటి వినలేదు. అప్పుడు వేగమైన సెన్సర్ పెట్టి, పైనున్న మోతని పట్టి, దాని ఎత్తు పెరిగి తగ్గే గీతని, అంటే ఎన్వలప్‌ని తీసి, ఆ ఎన్వలప్‌కి ఎఫ్‌ఎఫ్‌టీ చేయాలి.

తర్వాత ఓనర్ అదే బోర్డుని మోటార్‌కి పర్మనెంట్‌గా బిగించి పెట్టమన్నాడు. అక్కడ ఇంకో లెక్క వేసుకోవాల్సి వచ్చింది. చూడాల్సింది 24, 86, 100, 130 అనే నాలుగు చోట్లే అయితే 512 బిన్లూ ఎందుకు? పట్టికతో నేరు డీఎఫ్‌టీ చేస్తే ఒక్కో బిన్‌కి 2048 గుణింతాలు, అంటే పది బిన్ల దాకా అది ఎఫ్‌ఎఫ్‌టీ కంటే చవక. కావాల్సిన బిన్‌నే ఇంకా చవకగా కట్టే గోర్ట్జెల్ పద్ధతిలో బిన్‌కి 1024 దగ్గరే, ఇరవై బిన్ల దాకా గెలుస్తుంది. కాబట్టి గోర్ట్జెల్ పెట్టాను. వారం తిరగకముందే తీసేశాను. లోడ్ పెరిగితే వేగం 1440 నుంచి జారుతుంది, లోడ్ తగ్గితే పెరుగుతుంది, దాంతోపాటే 86 కూడా కదులుతుంది, దాని రెట్లు ఇంకా ఎక్కువ కదులుతాయి. ప్రతి చోటా అటూ ఇటూ రెండు బిన్లు, రెట్ల దగ్గర నాలుగైదు చూసుకుంటూ పోతే లెక్క ముప్పై దాటింది. మళ్లీ ఎఫ్‌ఎఫ్‌టీ పెట్టాను, ఇప్పుడు 2048 శాంపిల్స్‌తో, రియల్ జతకట్టే ఆ పద్ధతితో, అదే 8 కేబీలో. బిన్ వెడల్పు 1.6 హెర్ట్జ్‌కి దిగింది. స్కేలు మాత్రం డేటాషీట్ నుంచి కాకుండా, ప్రతి ముక్కకీ టైమర్‌తో కొలుచుకుంటోంది.